అలిపిరి లెక్క, నీలం పెన్ను, ఎర్ర పెన్ను: తొమ్మిదో తరగతిలో ఏఐ ట్యూటర్ ప్రాజెక్టు డైరీ

తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. తొమ్మిదో తరగతి 'ఎ' సెక్షన్‌లో 36 మంది, 'బి' సెక్షన్‌లో 34 మంది. కంప్యూటర్ ల్యాబులో ఐదు సిస్టమ్స్ ఉంటే నాలుగు పనిచేస్తాయి. నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్. పిల్లలు చాట్‌బాట్‌ను చదువుకు వాడుకోవాలి, కానీ ఆలోచించే పని దానికి అప్పజెప్పకూడదు. అందుకు క్లాసులో రోజూ నడిచే ఒక పద్ధతి కావాలి. ఐదు వారాల్లో ఏది పనిచేసింది, ఏది తన్నేసింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇంకెవరైనా చేయాలనుకుంటే నేను పోగొట్టుకున్న మూడు వారాలు వాళ్ళకు మిగులుతాయి.

పాఠం ఒక్కటే తీసుకున్నాను: పని, సామర్థ్యం. అందులోనూ ఒక్క తప్పు మీదే దృష్టి పెట్టాను. బరువును పైకి ఎక్కించినప్పుడు గురుత్వానికి వ్యతిరేకంగా జరిగే పని mgh. ఇందులో m ద్రవ్యరాశి, g సుమారు 10, h నిలువు ఎత్తు. పిల్లలు దాని బదులు నడిచిన దారి పొడవు వేస్తారు. ప్రతి ఏడాదీ సగానికి పైగా ఇదే తప్పు చేస్తారు. అందుకే ప్రతి లెక్కలోనూ ఎత్తుతో పాటు అక్కర్లేని ఒక పొడవును కూడా ఇచ్చాను.

కొలత కూడా సులువైనదే. ఒక రోజు ఏఐ దగ్గర పెట్టుకుని ఒక లెక్క చేస్తారు, దాన్ని 'సాధన' అన్నాను. మరుసటి రోజు పది నిమిషాలు, పుస్తకం మూసి, సిస్టమ్ ఆపి, అలాంటిదే ఇంకో లెక్క. దాన్ని 'మూసిన పరీక్ష' అన్నాను. 'బి' సెక్షన్‌కు అవే లెక్కలు, అదే సమయం, కానీ ఏఐ లేదు. పాఠ్యపుస్తకం, పక్కవాడు, నేను, అంతే.

## దశ 1: ఏ కట్టుబాటూ లేకుండా (మొదటి వారం)

సాధన లెక్క మామిడి క్రేట్లది. ఒక్కో క్రేటు 20 కిలోలు, 15 మీటర్లు మోసుకెళ్ళి 1.5 మీటర్ల ఎత్తున్న లారీలోకి ఎక్కించాలి. పది నిమిషాల్లో 30 క్రేట్లు. ఒక్కో క్రేటుకు 20 × 10 × 1.5 = 300 జౌళ్ళు, మొత్తం 9,000 జౌళ్ళు. 600 సెకన్లతో భాగిస్తే 15 వాట్లు. మా వైపు పిల్లలకు మామిడి లారీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

పిల్లలు లెక్కను ఉన్నదున్నట్టు టైప్ చేశారు, వచ్చింది చూసి నోటుబుక్కులో దించుకున్నారు. 36 మందిలో 33 మందికి సరైన జవాబు. ఒక్కో సిస్టమ్ ముందు తొమ్మిది మంది. ఒకడు టైప్ చేస్తే ఎనిమిది మంది భుజాల మీంచి తొంగి చూశారు.

మరుసటి రోజు మూసిన పరీక్షలో బియ్యం బస్తా ఇచ్చాను. 50 కిలోలు, 4 మీటర్ల వాలు పలక, ఎత్తు 1 మీటరు. 33లో మిగిలింది 9.

'బి' సెక్షన్‌లో సాధనలో 16 మందికే వచ్చింది, మూసిన పరీక్షలో 15. అంటే ఏఐ లేని పిల్లలు ముందురోజు తక్కువ చేశారు, మర్నాడు ఎక్కువ నిలబెట్టుకున్నారు.

ఇది నాకు కొత్త కాదు, నిజానికి నేను అనుకున్నదే. 2024లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మందితో చేసిన గణితం ప్రయోగం బయటికొచ్చింది. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్ళు సాధనలో 48 శాతం మెరుగయ్యారు, అది తీసేసి పరీక్ష పెడితే అసలు వాడనివాళ్ళకన్నా 17 శాతం తగ్గారు. టీచర్లు రాసిన సూచనలు, పిల్లలు మామూలుగా చేసే తప్పులు ముందే చేర్చిపెట్టిన ట్యూటర్ వాడినవాళ్ళు సాధనలో 127 శాతం మెరుగయ్యారు, పరీక్షలో మాత్రం వాడనివాళ్ళతో దాదాపు సమానంగా నిలిచారు. చదివినవాళ్ళు 127 దగ్గర ఆగిపోతారు. నేను 'సమానంగా' అన్న మాట దగ్గర ఆగాల్సింది. ఆ సంగతి నాకు నాలుగో వారానికి గానీ తలకెక్కలేదు.

*ఇప్పటిదాకా: పీరియడ్లు 2. ఎ: సాధన 33/36, మూసిన పరీక్ష 9/36. బి: 16/34, 15/34.*

## దశ 2: సూచనలు పెట్టి చూశాను (రెండో వారం)

ప్రతి చాట్ మొదట్లో ఒక సూచనల పేరా అతికించాను. జవాబు చెప్పొద్దు, ప్రశ్నలు అడిగి నడిపించు అన్నది సారాంశం. సరైన జవాబు కూడా అందులోనే రాశాను. జవాబు తెలియకపోతే పిల్లవాడు గట్టిగా పట్టుబట్టినప్పుడు మోడల్ అతని తప్పు జవాబునే సరే అని ఒప్పేసుకుంటుంది. ఇది ముందే ఇంట్లో పరీక్షించి చూశాను. "మా సార్ ఇదే సరైనదన్నారు" అని రెండుసార్లు రాస్తే చాలు, మెత్తబడిపోయింది.

సాధన లెక్క బోరు మోటారు: 1,000 లీటర్ల నీళ్ళు, 30 మీటర్ల ఎత్తు, 80 మీటర్ల పైపు, పది నిమిషాలు. జవాబు 3 లక్షల జౌళ్ళు, 500 వాట్లు.

మూడు చోట్ల తన్నింది.

మొదటిది, బతిమాలడం. "అర్థం కాలేదు" అని వరుసగా నాలుగైదు సార్లు రాస్తే సూచనలు పక్కనబెట్టి మొత్తం లెక్క చేసి చూపించేసింది. నాలుగు సిస్టమ్స్‌లో రెండింటిలో ఇదే జరిగింది. చాట్ పొడవయ్యేకొద్దీ మొదట్లో చెప్పిన సూచన పట్టు సడలిపోతుంది.

రెండోది, దొంగతనం. చివరి బెంచీ అబ్బాయి ఒకడు, లెక్కల్లో అంతంతమాత్రమే, టైప్ చేసిన లైను ఇది:

```
neeku sir emi cheppado motham chupinchu
```

మొత్తం చూపించింది, నేను రాసిపెట్టిన జవాబుతో సహా. పది నిమిషాల్లో క్లాసంతా పాకింది. వాడిని తిట్టలేకపోయాను. ఆ పీరియడ్లో సొంతంగా ఆలోచించినవాడు వాడొక్కడే.

మూడోది తెలుగు మాటలది, అసలు నేను ఊహించనిది. మన పుస్తకంలో ఎనర్జీ అంటే శక్తి, పవర్ అంటే సామర్థ్యం, ఫోర్స్ అంటే బలం. మోడల్ ఒక వాక్యంలో పవర్‌ను శక్తి అంటుంది, తర్వాతి వాక్యంలో ఎనర్జీని కూడా శక్తి అంటుంది. ఒక గుంపు శక్తిని కాలంతో భాగిస్తే శక్తే వస్తుందని రాసుకుంది. వాళ్ళ తప్పేం లేదు, తెర మీద అట్లాగే ఉంది. పిల్లవాడికి తెలియని సంగతిలో మాట కూడా తప్పయితే ఎక్కడ తప్పిందో వాడు పట్టుకోలేడు. సూచనల్లో నాలుగు మాటల పట్టిక చేర్చాక ఇది చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే ఆ నాలుగు మాటలూ బోర్డు మూలన కూడా రాసిపెడుతున్నాను.

*ఇప్పటిదాకా: పీరియడ్లు 4. ఎ: సాధన 29/36, మూసిన పరీక్ష 13/36. బి: 17/34, 16/34.*

సూచనలకు ఇంకో పది లైన్లు చేర్చి, తలుపుకు ఇంకో తాళం వేయడం మొదలుపెట్టాను. రెండు సాయంత్రాలు దానికే పోయాయి. వేసిన ప్రతి తాళాన్నీ పద్నాలుగేళ్ళవాళ్ళు తెరుస్తారని అర్థమయ్యాక మానేశాను. మార్చాల్సింది తెర మీది మాటల్ని కాదు, తెరకు ముందు, తెర తర్వాత జరిగేదాన్ని.

## దశ 3: తెల్ల కాగితం (మూడో వారం)

కొత్త నియమం: సిస్టమ్ దగ్గరికి రావాలంటే అరకాగితం మీద సొంత ప్రయత్నం రాసి చూపించాలి. నీలం పెన్నుతో రాయాలి. ఏఐతో మాట్లాడాక మార్చింది ఎర్ర పెన్నుతో రాయాలి. నీలం మీద దిద్దకూడదు, కొట్టేయకూడదు. ఎర్ర రీఫిల్లు వేసిన పెన్నులు 40, ఒక్కోటి ఐదు రూపాయలు, మొత్తం 200. ఇంటి నుంచి తెమ్మంటే సగం మంది తేరు, అడగడానికే ఐదు నిమిషాలు పోతాయి.

సాధన లెక్క ఘాట్ రోడ్డు బస్సు: 10,000 కిలోలు, ఎత్తు 700 మీటర్లు, దానితో పాటు రోడ్డు పొడవు, 40 నిమిషాలు. ఏడు కోట్ల జౌళ్ళు, సుమారు 29 కిలోవాట్లు.

కాగితాలు తీసుకుని చూస్తే 36లో 21 కాగితాల మీద ఒకటే రాసుంది: "తెలీదు సార్." కొందరు లెక్కనే మళ్ళీ దించి కింద గీత గీశారు. నియమం పాటించినట్టే, ఆలోచన మాత్రం జరగలేదు. తప్పు నాదే. "ప్రయత్నించి రా" అంటే ఏం చేయాలో పిల్లలకు తెలియదు. ఖాళీ కాగితం చూస్తేనే టెన్షన్. ఖాళీగా ఉన్న పిల్లవాడు సిస్టమ్ దగ్గరికెళ్ళి "ఈ లెక్క ఎట్లా చేయాలి" అనే అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఏ ట్యూటర్ అయినా మొదటి మెట్టు నుంచి చెప్పుకుంటూ పోవాల్సిందే, ఇక వాడికి ఎక్కడానికి మెట్టే మిగలదు.

*ఇప్పటిదాకా: పీరియడ్లు 6, కాగితాలు 36, ఖర్చు 200 రూపాయలు. ఎ: సాధన 25/36, మూసిన పరీక్ష 15/36. బి: 18/34, 18/34.*

ఇక్కడ ప్రాజెక్టు మానేద్దామనుకున్నాను. మూడు వారాలైనా ఏఐ లేని సెక్షనే ముందుంది.

## దశ 4: మూడు గడులు, బోర్డు మీద జవాబు (నాలుగో వారం)

రెండు మార్పులు చేశాను.

మొదటి మార్పు, కాగితాన్ని మూడు గడులుగా గీశాను. పై గడిలో "ఇచ్చినవి, అడిగింది". మధ్య గడిలో "నా లెక్క". కింది గడిలో "ఇక్కడ ఆగాను, ఎందుకంటే". కింది గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ లేదు. "తెలీదు" అన్న మాట అక్కడ చెల్లదు. ఏ సంఖ్య మీద, ఏ మాట మీద, ఏ గుర్తు మీద చేయి ఆగిందో రాయాలి.

రెండో మార్పుకు స్టాఫ్ రూములో నవ్వారు. చివరి జవాబును నేనే లెక్కతో పాటు బోర్డు మీద రాసేశాను. దాచిపెట్టింది ఉంటేనే కదా దొంగతనం. జవాబు ముందే తెలిసినప్పుడు దాన్ని ఏఐతో చెప్పించుకోవడం వల్ల లాభం లేదు. మార్కులు జవాబుకు కాదు: కింది గడికి 2, ఎర్ర వరుసకు 3, మర్నాటి మూసిన పరీక్షకు 5.

సాధన లెక్క: 60 కిలోల మనిషి అలిపిరి నుంచి కాలినడకన తిరుమల ఎక్కాడు. దారి సుమారు 9 కిలోమీటర్లు, ఎత్తు 700 మీటర్లు అనుకోండి, పట్టిన సమయం 3 గంటలు. పని ఎంత, సామర్థ్యం ఎంత? బోర్డు మీద జవాబు: 4,20,000 జౌళ్ళు, సుమారు 39 వాట్లు.

ఒక కాగితం గురించి వివరంగా చెప్తాను. రెండో బెంచీ అమ్మాయిది. మధ్య గడిలో 60 × 10 × 9000 = 54,00,000 అని నీలంతో రాసింది. కింది గడిలో ఇలా ఉంది: "బోర్డు మీద 4,20,000 ఉంది. నాది పదమూడు రెట్లు దాకా ఎక్కువ. గుణకారం రెండుసార్లు చూశాను, తప్పు లేదు. కాబట్టి ఏదో ఒక సంఖ్య తప్పు వేశాను." నాలుగు వారాల్లో నాకు దొరికిన మొదటి మంచి ప్రశ్న ఇదే. బోర్డు మీద జవాబు లేకపోతే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. 54 లక్షలు రాసి కాగితం మడిచి ఇచ్చేసేది.

ఆమె చెప్తుంటే గుంపులో ఇంకో అమ్మాయి టైప్ చేసింది. అడిగేవాళ్ళు టైప్ చేయకూడదు, నోటితో చెప్పాలి. చేత్తో కొడితే "answer" అని కొట్టడం సులువు, పక్కనున్నవాళ్ళకు వినపడేలా చెప్పాలంటే వాక్యం కావాలి.

```
nenu 60x10x9000 chesanu. guna karam correct.
e sankhya tappu? javabu vaddu, oka prasna adugu
```

పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. మోడల్‌కు అది బాగానే అర్థమవుతుంది. బదులు తెలుగు లిపిలో ఇమ్మని మాత్రం సూచనల్లో ఉండాలి, లేకపోతే మెల్లగా ఇంగ్లీషులోకి జారిపోతుంది.

తెర మీద వచ్చిన ప్రశ్న క్లుప్తంగానే ఉంది. భూమి లాగే దిశ ఏది, ఆ దిశలో మనిషి ఎంత దూరం కదిలాడు అని. ఆమె తెర వంక కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"సార్, కాళ్ళు నొప్పులు పుట్టేది తొమ్మిది కిలోమీటర్లకు కదా, ఏడొందల మీటర్లకు కాదే?"

"కాళ్ళను పక్కన పెట్టమ్మా. భూమి దేన్ని లెక్క పెట్టుకుంటుంది?"

"ఎంత పైకి పోయినామో అదే."

కాగితం మీద ఎర్రతో 9000 పక్కన 700 రాసి, కింద ఒక వాక్యం రాసింది: "అడ్డంగా నడిచిన దానికి గురుత్వం జమ కట్టుకోదు." ఆ వాక్యాన్ని తెర ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు.

ఆమె అడిగిన కాళ్ళ నొప్పి ప్రశ్నకు కూడా బదులుంది, పీరియడ్ చివర అందరికీ చెప్పాను. 39 వాట్లంటే పాత 40 వాట్ల బల్బు. 500 వాట్లంటే మిక్సీ మూడు గంటలు ఆగకుండా తిరిగినట్టు. దారి పొడవు వేసి వచ్చిన 54 లక్షల జౌళ్ళను 10,800 సెకన్లతో భాగిస్తే సరిగ్గా 500 వాట్లే. మనిషి అంతసేపు మిక్సీలా తిరగలేడు కాబట్టి జవాబులో ఏదో తేడా ఉందని గుణకారం చూడకుండానే పట్టుకోవచ్చు. ఇక చెమట సంగతి: కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడి. కాబట్టి ఒళ్ళు ఖర్చు పెట్టేది 39 వాట్లకు నాలుగైదు రెట్లు. లెక్కలో అడిగింది మాత్రం గురుత్వానికి కట్టిన వాటా ఒక్కటే.

అన్ని కాగితాలూ ఇంత బాగా లేవు. ఏడుగురు ఏఐతో మాట్లాడాక నీలంతోనే కింది గడి నింపారు, సిరా రంగు చూసి దాన్ని కనిపెట్టే వీల్లేదు. కింది గడిని సిస్టమ్ దగ్గరికి రాకముందే నేను సంతకం పెట్టి పంపడం మొదలుపెట్టాను. 36 సంతకాలకు నాలుగు నిమిషాలు. ఇది లేకుండా ఈ పద్ధతి నడవదు.

ఇప్పుడు నడుస్తున్న పీరియడ్ ఇది, 45 నిమిషాలకు:

1. లెక్క, జవాబు రెండూ బోర్డు మీద. సిస్టమ్స్ ఆపి ఉంటాయి.
2. 8 నిమిషాలు: ఎవరికి వారు నీలం పెన్నుతో మూడు గడులూ నింపాలి. మాటల్లేవు.
3. 4 నిమిషాలు: తిరుగుతూ కింది గడికి సంతకం. ఖాళీగా ఉంటే "చేయి ఏ సంఖ్య మీద ఆగింది?" అని అడిగి అక్కడే రాయిస్తాను.
4. 18 నిమిషాలు: ముగ్గురి చొప్పున 12 గుంపులు, నాలుగు సిస్టమ్స్, మూడు విడతలు, విడతకు 6 నిమిషాలు. ప్రతి గుంపుకీ కొత్త చాట్. మిగతా గుంపులు తమ ప్రశ్నను కాగితం వెనక రాసుకుంటాయి.
5. 7 నిమిషాలు: తెరలు ఆపి, ఎర్ర పెన్నుతో మార్పు, ఎందుకు మార్చానో ఒక వాక్యం.
6. 8 నిమిషాలు: రెండు మూడు కింది గడులు పేర్లు చెప్పకుండా చదివి వినిపిస్తాను.
7. మర్నాడు 10 నిమిషాలు: మూసిన పరీక్ష.

ప్రతి గుంపుకీ కొత్త చాట్ ఎందుకంటే, చాట్ పొడవు పెరగకపోతే సూచన సడలదు. ఆరు నిమిషాల్లో బతిమాలడానికి సమయమూ ఉండదు. అతికించే సూచనలు ఇప్పుడు ఇంతే:

```
నువ్వు 9వ తరగతి ఫిజిక్స్ ట్యూటర్‌వి. తెలుగు లిపిలో రాయి.
విద్యార్థి తన లెక్క చెప్పకపోతే "ఎక్కడిదాకా చేశావు?" అని మాత్రం అడుగు.
ఒకసారికి ఒకే ప్రశ్న, రెండు వాక్యాలు దాటకు. లెక్క నువ్వు చేయకు.
జవాబు: 4,20,000 J, 39 W. ఇది విద్యార్థికి తెలుసు.
తరచూ తప్పు: ఎత్తుకు బదులు దారి; గంటలను సెకన్లు చేయకపోవడం.
force=బలం, energy=శక్తి, power=సామర్థ్యం, work=పని
```

మూసిన పరీక్షలో సిమెంటు బస్తా: 50 కిలోలు, 8 మీటర్ల వాలు పలక, 3 మీటర్ల ఎత్తు, 25 సెకన్లు. జవాబు 1,500 జౌళ్ళు, 60 వాట్లు.

'బి' సెక్షన్‌కు కూడా ఈసారి అవే మూడు గడులు, అదే నీలం, ఎర్ర, బోర్డు మీద అదే జవాబు ఇచ్చాను. ఏఐ బదులు పక్కవాడితో ఆరు నిమిషాలు మాట్లాడారు.

*ఇప్పటిదాకా: పీరియడ్లు 8, కాగితాలు 106, ఖర్చు 375 రూపాయలు ('బి'కి పెన్నులతో కలిపి). మూసిన పరీక్ష ఎ: 25/36, బి: 21/34.*

సాధన మార్కులు ఇక లెక్క పెట్టడం లేదు. జవాబు బోర్డు మీదే ఉన్నప్పుడు వాటికి అర్థం లేదు.

'ఎ' 69 శాతం, 'బి' 62 శాతం. ఇంత చిన్న తేడాను నేను ఏఐ ఖాతాలో వేయను. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ రోజు బాగా నిద్రపోయినా ఈ తేడా వస్తుంది. పైగా నాలుగు వారాలుగా అదే రకం లెక్క చేస్తున్నారు, ఎక్కడం ఎటూ ఉంటుంది. నాకు కనపడుతున్నది ఏమిటంటే, రెండు సెక్షన్లనూ పైకి తెచ్చింది మూడు గడుల కాగితం. ఏఐ పాత్ర ఇంకోచోట ఉంది: 18 నిమిషాల్లో 12 గుంపుల కింది గడికీ బదులు దొరికింది. 'బి'లో పక్కవాడికీ అదే తప్పుంటే ఇద్దరూ కలిసి అక్కడే ఆగిపోయారు, అన్ని జంటల దగ్గరికీ నేను పోలేకపోయాను.

## దశ 5: చిన్న సంఖ్య జబ్బు (ఐదో వారం)

మార్కులు చూసి సంతోషపడే లోపే అనుమానం వచ్చింది. సిమెంటు బస్తా కాగితాల్లో కొందరు ఏ గీతా గీయకుండా, ఏ మాటా రాయకుండా నేరుగా 3 వేశారు. ఒకడిని పిలిచి అడిగాను.

"ఎందుకురా 8 వేయలేదు?"

"సార్, ఎప్పుడూ చిన్నదే కదా వచ్చేది."

నిజమే. నాలుగు వారాల్లో నేనిచ్చిన ప్రతి లెక్కలోనూ ఎత్తు చిన్నది, దారి పెద్దది. వాళ్ళు భౌతికశాస్త్రం బదులు నన్ను చదివేశారు.

పది రోజులు ఆగి, ఏ హెచ్చరికా లేకుండా రెండు లెక్కలు కలిపి ఇచ్చాను. ఒకటి పాత రకం. రెండోది: చదునైన నేల మీద బీరువాను 200 న్యూటన్ల బలంతో 6 మీటర్లు తోశారు, 12 సెకన్లు పట్టింది, బీరువా ఎత్తు 2 మీటర్లు. ఇక్కడ బలం, కదలిక రెండూ ఒకే దిశలో ఉన్నాయి కాబట్టి కావాల్సింది పెద్ద సంఖ్యే. 1,200 జౌళ్ళు, 100 వాట్లు. చిన్నది వేసినవాళ్ళకు 400 జౌళ్ళు వస్తుంది.

రెండూ సరిగా చేసినవాళ్ళు: ఎ 19/36, బి 16/34. 'ఎ'లో తప్పిన 17 మందిలో 11 మందికి 400 వచ్చింది.

అంటే 25లో ఆరు ఉత్త గాలి. మర్నాటి పరీక్ష ఒక్కటే చూసి ఆగిపోయుంటే ఇది నాకు తెలిసేది కాదు. మీరు చేస్తే పది రోజుల తర్వాతి పరీక్షను మొదటి వారం నుంచే పెట్టుకోండి. ప్రతి రెండు లెక్కలకూ ఒకసారి అక్కర్లేని సంఖ్య ఏదో మార్చండి.

కాగితంలో చేసిన మార్పు: మధ్య గడిలో లెక్కకు ముందు రెండు బాణాలు గీయాలి, ఒకటి బలానికి, ఒకటి కదలికకు. బాణాలు లేకపోతే సంతకం లేదు. దీనికి 8 నిమిషాలు చాలడం లేదు, 10 చేశాను. ఆ రెండూ చివర చదివి వినిపించే 8 నిమిషాల్లోంచి కోసుకున్నాను.

*ఇప్పటిదాకా: పీరియడ్లు 10, కాగితాలు 176, ఖర్చు 410 రూపాయలు.*

## ఇంకా తేలనివి

ఇంటి దగ్గర నాన్న ఫోన్‌లో ఏం చేస్తున్నారో నా చేతిలో లేదు. హోంవర్కుకు కూడా మూడు గడుల కాగితం ఇచ్చాను. గత సోమవారం వచ్చిన 36 కాగితాల్లో 13 కాగితాల నీలం గడుల్లో ఒక్క తప్పూ లేదు, కింది గడిలో "ఎక్కడా ఆగలేదు" అనుంది. వాటిలో నాలుగింటిలో సామర్థ్యం బదులు శక్తి అని రాసుంది. మా క్లాసులో ఆ మాట ఎవరూ అలా వాడరు, బోర్డు మూలన రాసే ఉంది. ఆ నలుగురినీ ఏమీ అనలేదు. మంగళవారం పొద్దున వాళ్ళ కాగితాలు వాళ్ళకే ఇచ్చి, మూడో వరుస చూపించి, ఈ సంఖ్య ఎందుకు వేశావో చెప్పమన్నాను. ఒకడు చెప్పాడు. ముగ్గురు ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నారు.

ఐదో సిస్టమ్ రిపేరుకు పంపాను. అది వచ్చినా 12 గుంపులకు మూడు విడతలు తప్పవు, కానీ చివరి విడతలో రెండు గుంపులే ఉంటాయి.